సిగ్మా, పూటకూళ్లమ్మ, 20 రూపాయలు

హన్మకొండ హాస్టళ్లలో కుర్రాళ్లు తీసుకునే రీళ్లలో ఒక రకం ఉంది. మెస్సులో ఒకడు రెండో గుడ్డు అడుగుతాడు. వడ్డించేవాడు లేదంటాడు. మనోడు పళ్లెం పట్టుకుని స్లో మోషన్‌లో వెనక్కి తిరుగుతాడు, బేస్ అదిరేలా ఫోంక్ మ్యూజిక్ మొదలవుతుంది, తెర మీద ‘సిగ్మా రూల్: గుడ్డు కోసం ఎవడి ముందూ నిలబడకు’ అని పడుతుంది. అందరూ పగలబడి నవ్వుతారు. నవ్వు సరే. ఎవర్ని చూసి నవ్వుతున్నాం? గుడ్డు దొరకనివాణ్ణా, పొద్దున నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేయమని కెమెరా ముందు గర్జించే గురువునా, లేక బాగుపడాలనుకోవడాన్నేనా?

దీనికి జవాబు ఆ మాట పుట్టుకలోనే కొంత దొరుకుతుంది. ముందొచ్చింది ‘ఆల్ఫా’. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బోనులో పెట్టిన తోడేళ్లను గమనించి, అవి పైచేయి కోసం కొట్లాడుకుంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మెక్ తన పుస్తకంతో ఆ సంగతిని జనంలోకి తెచ్చాడు. తర్వాత అడవిలో ఏళ్ల తరబడి తోడేళ్ల మధ్య తిరిగి, 1999లో ఆయనే కాదన్నాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు ఒక కుటుంబం. మనం ఆల్ఫా అంటున్నది పిల్లల్ని సాకే అమ్మానాన్నల్ని. అప్పటికే మాట తోడేళ్లను దాటి మగవాళ్ల మీదకి వచ్చేసింది. 2010లో వాక్స్ డే అనే కలం పేరుతో రాసే అమెరికన్ మితవాది ఒకాయన ఆ నిచ్చెనకి ఇంకో మెట్టు కలిపాడు. గుంపుతో పనిలేకుండా, నిచ్చెన బయటే ఉండి కూడా ఆల్ఫాతో సమానమైనవాడట. వాడే సిగ్మా.

ఈ మాట చేసిన పని చూడండి. ఎవరూ పలకరించని వాడికి ‘ఒంటరి’ అన్న పేరు తీసేసి ఒక హోదా ఇచ్చింది. ఓడిపోయిన ప్రతిచోటా, ఇది నేను ఎంచుకున్నదే అని చెప్పుకునే వీలిచ్చింది. పేరడీ పట్టుకునేది సరిగ్గా ఈ అతుకునే. గుడ్డు దొరక్కపోవడం నవ్వొచ్చే విషయం కాదు. దొరకనిదాన్ని సిద్ధాంతం చేయడం నవ్వు తెప్పిస్తుంది.

తెలుగువాళ్లకి ఈ అతుకు కొత్తదేం కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చేసేది ఇదే. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి రాశాక మనం చదువుతున్న గిరీశం రూపుకట్టాడు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు తీసుకుని మధురవాణి మీద ఖర్చుపెట్టేశాడు. ఇప్పుడు ఊళ్లో ఉంటే తన్నులు తప్పవు. అందుకని పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశానికి చదువు చెప్పే మిషతో వాళ్ల అగ్రహారానికి బయల్దేరతాడు. జరిగింది పారిపోవడం, పైకి కనబడేది విద్యాదానం. నాచ్ పార్టీల మీద అతని ఉపన్యాసాలూ అంతే. వేశ్య ఇంట్లో ఉంటూ వేశ్యావృత్తిని ఖండించడానికి ఇంగ్లీషు ముక్కలు బాగా పనికొస్తాయి. సిగ్మా ఆనాటికి లేదు కానీ, ఉంటే గిరీశం వదిలేవాడు కాదు.

గురజాడ ఎగతాళి చేసింది సంస్కరణను కాదు, ఇంగ్లీషు చదువునీ కాదు. ఆయన ఆ రెంటి పక్షాన నిలబడ్డ మనిషి. అందుకే నాటకంలో సౌజన్యారావు పంతులు కూడా ఉన్నాడు. అదే సంస్కరణ మాటల్ని ఆయన సొంత డబ్బు, సొంత పరువు పెట్టి మాట్లాడతాడు. గిరీశం ఖర్చు ఇంకొకరి మీద పెట్టి మాట్లాడతాడు. నవ్వు పుట్టేది ఈ తేడాలోంచే. దాన్ని మనకి చూపించేది గురజాడ ఉపన్యాసం కాదు, చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికొచ్చిన పూటకూళ్లమ్మ. ఆమె రాగానే అంత వాగ్ధాటీ మంచం కింద దూరుతుంది. ఆమె చేతిలో సిద్ధాంతం లేదు, బాకీ లెక్క ఉంది.

నా లెక్కలో మంచి పేరడీకి పూటకూళ్లమ్మ తప్పనిసరి. లేకపోతే ఏమవుతుందో పాట్రిక్ బేట్‌మన్‌ని చూస్తే తెలుస్తుంది. మేరీ హారన్ 2000లో తీసిన ‘అమెరికన్ సైకో’ ఆ మనిషి మీద వ్యంగ్యం. పొద్దున్నే కసరత్తులు, ముఖానికి మాస్కులు, తీరా పక్కవాడి విజిటింగ్ కార్డు తన కార్డుకన్నా బాగుందని చెమటలు పట్టే పిరికితనం. రెండు దశాబ్దాల తర్వాత అవే క్లిప్పులు సిగ్మా వీడియోలకు ముడిసరుకయ్యాయి. కసరత్తు ఉంచారు, చెమటలు కత్తిరించారు. గిరీశానికీ కొంచెం ఇలాగే జరిగింది. 1955 సినిమాలో ఆ వేషం ఎన్.టి.రామారావుది. అంత అందగాడు వేశాక, గిరీశం మాటలు మోసగాడి మాటలుగా కాక ముద్దు మాటలుగా ఊళ్లలో తిరిగాయి.

ఇంకో చివర వరంగల్ ఉంది. ‘అర్జున్ రెడ్డి’ తీసిన సందీప్ రెడ్డి వంగాది ఈ ఊరే. 2023లో ఆయన ‘యానిమల్’ హీరో, మరొకరితో నిశ్చితార్థమైన గీతాంజలికి ఆల్ఫా మగవాడి గురించి పాఠం చెబుతాడు. వేటాడే బలవంతుల్ని ఆడవాళ్లు ఎంచుకునేవారట, వేట చేతకానివాళ్లు కవిత్వం కనిపెట్టారట. (కవిత్వం రాసేవాళ్లు కాసేపు ఊపిరి పీల్చుకోండి.) గిరీశం బుచ్చమ్మకి చెప్పిన పాఠాలకూ దీనికీ పద్ధతిలో తేడా లేదు, తన కోరికకి శాస్త్రం ముసుగు వేయడమే. తేడా కెమెరాలో ఉంది. గిరీశం మాట్లాడుతుంటే వాడి జేబులో ఏం లేదో మనకి తెలుసు. ఇక్కడ హీరోకి తండ్రి కంపెనీ ఉంది, ఫ్లైటు నడపడం వచ్చు, పాఠం విన్న అమ్మాయి పెళ్లి చేసుకుంటుంది. బిల్లు పట్టుకుని ఎవరూ లోపలికి రారు. వచ్చినా చాలా ఆలస్యంగా, అప్పటికి హాల్లో ఈలలు అయిపోయాక. ఆ సీను మీద జనం చేసిన పేరడీలన్నీ ఒకరకంగా ఆ లేని పూటకూళ్లమ్మని తెచ్చి నిలబెట్టే ప్రయత్నాలే.

అయితే పేరడీ గురి తప్పే చోటు ఒకటుంది. గురువు దొరకనప్పుడు శిష్యుణ్ణి కొడుతుంది. నయీంనగర్‌లో రూము తీసుకుని, గ్రూప్స్‌కి చదువుతూ, ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ‘ఈసారి వస్తది అమ్మా’ అనే కుర్రాడు రాత్రి పన్నెండింటికి సిగ్మా వీడియో చూస్తే, అతని మీద వేసే జోకు అతని యాస మీదకో, జిమ్ము ఫొటో మీదకో పోతుంది. కోర్సు అమ్ముకున్నవాడు మాత్రం ఆ జోకుని కూడా షేర్ చేసుకుని ఇంకో వంద మందిని పోగేసుకుంటాడు. గురజాడ వెంకటేశాన్ని వెక్కిరించలేదని కాదు, చుట్టలు నేర్చుకుని చదువు మానేసిన పిల్లవాణ్ణి బాగానే వెక్కిరించాడు. కానీ లెక్క రాసింది మాత్రం గిరీశం పేరు మీదే.

ఆ లెక్క ఎలా తేలిందంటే, మధురవాణి వల్ల శిష్యుడి సంగతి సౌజన్యారావుకి తెలిసిపోతుంది. బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపించేస్తారు. అంతకాలం అందరికీ చదువు గురించి లెక్చర్లు దంచిన గిరీశాన్ని, నువ్వు ముందు వెళ్లి బుద్ధిగా చదువుకో అంటారు.