కాసు, పెంకు, నల్లరేగడి బీట

మా వెల్దుర్తి పిల్లలకి విహారయాత్ర అంటే ఒకటే దారి. మాచర్ల మీదుగా విజయపురి సౌత్, అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. మ్యూజియంలో శిల్పాల దగ్గర మాస్టారు ఆపేవారు గానీ, కుండపెంకుల దగ్గరికి వచ్చేసరికి "పదండి పదండి" అనేవారు. పగిలిన కుండలో చూడ్డానికేముందని నేనూ అనుకున్నాను. ఆ అద్దాల బీరువాలో అసలు కథ పెంకులదేనని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

నాగార్జునసాగర్ నీళ్ళు వచ్చేలోగా, 1954 నుంచి 1960 దాకా, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయని తవ్వారు. దొరికినవాటిలో రోమన్ బంగారు నాణేలు కూడా ఉన్నాయి. ఒకటి టైబీరియస్ చక్రవర్తిది. ఆయన ఏలింది క్రీ.శ. 14 నుంచి 37 వరకు. ఇంకొకటి ఫాస్టినా పేరుతో ఉన్నది. ఆవిడ ఆంటోనినస్ పయస్ భార్య, 140 ప్రాంతంలో పోయింది. పోయాక ఆమెని దేవతగా ప్రకటించి నాణేలు వేయించారు. లోయని రాజధానిగా చేసుకున్న ఇక్ష్వాకులేమో మూడో శతాబ్దం వాళ్ళు. అంటే వాళ్ళ కాలానికి టైబీరియస్ కాసు రెండు వందల ఏళ్ళ పాతది.

మరి ఆ కాసు ఏ తేదీ చెబుతున్నట్టు?

మా నాయనమ్మ కాసులపేరులో విక్టోరియా రాణి బొమ్మలుండేవి. మేమున్న ఇల్లు కట్టింది 1985లో. రేపెప్పుడో ఆ ఇల్లు కూలి, ఎవరో తవ్వి, ఒక విక్టోరియా కాసు దొరికిందని ఇంటిని పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టేస్తే ఎంత తప్పు! నాణెం గట్టిగా చెప్పేది ఒక్కటే: ఈ పొర నన్ను ముద్రించిన ఏడాదికి ముందుది కాదు. ఎంత తర్వాతదో అది చెప్పలేదు. బంగారమైతే మరీను. దాన్ని దాస్తారు, మెడలో వేసుకుంటారు, కూతురికిస్తారు. పైగా నీరో 64లో రోమన్ నాణేల బరువు తగ్గించాడు. మన వర్తకులు అంతకు ముందువాటినే ఇష్టపడ్డారని చాలామంది పండితుల అభిప్రాయం. అలా అయితే టైబీరియస్ నాణెం టైబీరియస్ పోయిన చాలా ఏళ్ళకి కూడా ఓడెక్కి ఉండొచ్చు. ఇక్ష్వాకులకి ముందు ఆ లోయలో శాతవాహనుల కాలపు మనుషులూ ఉన్నారు కాబట్టి, అది వాళ్ళ చేతికే వచ్చి, ఇంట్లో తరాలపాటు ఉండిపోయి ఉండొచ్చు కూడా.

కుండ అలా కాదు. పగిలిన రోజునే పెంటలో పడుతుంది. పగిలిన మూకుడుని ఏ తల్లీ కూతురికి కట్నంగా ఇవ్వదు. అందుకే ఒక పొరలో రకం తెలిసిన పెంకులు వందల్లో ఉంటే, వాటి మాట ఒంటరి బంగారు కాసు మాటకన్నా బరువైనది. ఇక్ష్వాకుల చిన్న సీసపు నాణేలు కూడా దాదాపు ఈ కోవలోవే. ఒక పక్క ఏనుగు, రెండో పక్క ఉజ్జయిని గుర్తు. చిల్లర డబ్బు కదా, జారిపడితే వెతికేవాళ్ళు తక్కువ.

అయితే పెంకుకి దాని మీద ఏ రాజు పేరూ ఉండదు. దానికి మొదటి తేదీ ఎక్కడినుంచి తేవాలి? దీనికి జవాబు వెతుకుతూ 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వాడు. అక్కడ ఇటలీలోని అరెజ్జో తరహా ఎర్రటి పాత్రల పెంకులు దొరికాయి. యూరప్‌లో వాటి కాలం బాగా తెలుసు, క్రీ.శ. 50 ప్రాంతానికి అవి ఆగిపోయాయి. వాటితోపాటు ఇంకో రకం కూడా వచ్చింది: నున్నటి, పల్చటి, వెడల్పు పళ్ళెం, అంచు లోపలికి వంగి ఉంటుంది, అడుగున లోపలివైపు చిన్నచిన్న గాట్లు వలయాలుగా తిరిగి ఉంటాయి. మనవాళ్ళు దీన్ని రౌలెటెడ్ పాత్ర అంటారు. పల్నాడులోనే, అమరావతి పక్కన ధరణికోటలోనూ ఇది దొరికింది. వీలర్ దీన్ని కూడా మధ్యధరా ప్రాంతపు సరుకుగానే లెక్కేసి మొదటి శతాబ్దంలో పెట్టాడు.

1947లో ఆయన ఆ కొలబద్దని కర్ణాటకకి తీసుకెళ్ళాడు. చంద్రవల్లిలో రౌలెటెడ్ పెంకులు, శాతవాహన నాణేలు, టైబీరియస్ వెండి నాణెం కలిసి కనిపించాయి. లెక్క కుదిరినట్టే ఉంది. దగ్గర్లోని బ్రహ్మగిరిలో ఈ పొర కింద పెద్దరాతి సమాధుల పొర. పైది మొదటి శతాబ్దం నడుమ మొదలైతే, కిందిది దానికి కాస్త ముందుదే అవ్వాలి. అలా రాక్షసగుళ్ళని మనం పిలుచుకునే సమాధుల సంస్కృతిని క్రీ.పూ. 200కి అటూ ఇటూ మొదలుపెట్టాడు.

మేకు వేసిన చోటే తప్పు. 1980లలో విమలా బెగ్లీ అరికమేడు పెంకుల్ని పొరలవారీగా మళ్ళీ చూసింది. ఇటలీ పాత్రలు రాకముందు పొరల్లోనే రౌలెటెడ్ పెంకులున్నాయి. వీలర్ తవ్వకంలో ఉన్న ఆధారమే ఇది, చూసిన తీరు వేరు. రౌలెటెడ్ పాత్ర క్రీ.పూ. రెండో శతాబ్దానికో, ఇంకా ముందుకో జరిగింది. తర్వాత మట్టిని ల్యాబులో పరీక్షిస్తే అది రోము నుంచి రాలేదు, ఈ దేశపు మట్టే అని తేలింది. రేడియోకార్బన్ తేదీలు వచ్చాక పెద్దరాతి సమాధుల మొదలు క్రీ.పూ. 1000కి అటూ ఇటూ వెళ్ళింది. ఒక పళ్ళెం పుట్టిన ఊరు తప్పు అనుకున్నందుకు మన పూర్వీకుల వయసులో ఎనిమిది వందల ఏళ్ళు పోయాయి! వీలర్ మీద కోపం లేదు నాకు. పొరలు చూడ్డం నేర్పినవాడే ఆయన, ఆయన నేర్పినట్టు చూసే ఆయన్ని దిద్దారు.

వర్తకం మాట కూడా దీంతో మారిపోయింది. ధరణికోటలో రౌలెటెడ్ పెంకు కనిపిస్తే ఇక "రోమన్ ఓడ వచ్చింది" అనలేం. బెంగాలు నుంచి తమిళ తీరం దాకా మన తీరంలోనే తిరిగిన పళ్ళెం అది. రోము సంగతి చెప్పాలంటే ఇటలీ ఎర్రపాత్రో, ద్రాక్షసారా తెచ్చిన రెండు చెవుల జాడీ ముక్కో కావాలి. బంగారు కాసైతే చాలా చేతులు మారి కూడా వచ్చి ఉండొచ్చు.

ఇదంతా పొర చెదరకపోతేనే. మా చేలల్లో ఎండాకాలం నల్లరేగడి బీటలు తీస్తే, చెయ్యి పెడితే మోచేయి దాకా పోతుంది. చిన్నప్పుడు నేను అందులో పారేసుకున్న గోళీలు ఏ శాతవాహన పొర దాకా దిగాయో! సీసపు కాసుకి ఆ దారి చాలు. పందికొక్కు బొరియలు, ఇటుకల కోసం తర్వాతివాళ్ళు తీసిన గోతులు సరేసరి. అందుకే తవ్వేవాళ్ళు గుంట గోడని నిలువుగా నున్నగా చెక్కి, తడిపి, మట్టి రంగు మారే గీతలు వెతుకుతారు. బీటలో నిండిన మట్టి చుట్టూ ఉన్నదానికన్నా వదులుగా, వేరే రంగులో నిలువు చారలా కనిపిస్తుంది. ఆ చారలో దొరికిన కాసుని పొర లెక్కలోంచి తీసేస్తారు. పగలని గచ్చు నేల కింద దొరికిన కాసైతే, దాని విలువ వేరు. గచ్చు వేశాక పైనుంచి ఏమీ దిగలేదు కాబట్టి ఆ నేల ఆ కాసు తర్వాతే వేసింది.

నాగార్జునకొండలో ఇప్పుడు తిరిగి చూసుకుందామంటే గుంట గోడలు నీళ్ళ కింద ఉన్నాయి. అరికమేడులో బెగ్లీకి దక్కిన అవకాశం ఇక్కడ దక్కదు. మిగిలింది అప్పట్లో గీసిన పొరల బొమ్మలు, పెంకు మీద సిరాతో రాసిన గుర్తులు. పోయిన వేసవిలో మళ్ళీ లాంచీ ఎక్కాను. ఈసారి పెంకుల బీరువా దగ్గర చాలాసేపు నిలబడ్డాను. "శిల్పాలు అటు పక్క సార్" అన్నాడు అక్కడున్న కుర్రాడు.