అంగడి గంప ఆన్‌లైన్‌కు ఎలా ఎక్కింది

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు చేవెళ్ల, మొయినాబాద్ వైపు వారం అంగళ్లలో గంపలు, చాటలు అమ్ముకునే మేదరులకు దానితో పని పడలేదు. ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితేనే నమోదు. అదే గంపను ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం ఒక్కటి అమ్మినా నమోదు తప్పదని చట్టంలోని 24వ సెక్షన్ చెప్పింది. రిటర్నులు వేయడానికి, లెక్కలు రాయించడానికి అయ్యే ఖర్చు చూసి చిన్న చేతివృత్తులవాళ్లు ఆ జోలికే పోలేదు.

2022 జూన్‌లో చండీగఢ్‌లో కూర్చున్న జీఎస్టీ మండలి ఈ ముడి విప్పడానికి ఒప్పుకుంది. పోర్టల్ సిద్ధమై, 2023 అక్టోబర్ 1 నుంచి సడలింపు అమల్లోకి వచ్చింది. పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అయితే సరుకు సొంత రాష్ట్రం దాటకూడదు. పక్కనే హైదరాబాద్ ఉన్న ఈ ఊళ్లకు ఆ షరతు పెద్ద అడ్డంకి కాదు. అందుకే ఇక్కడి మేదరుల సంఘం ఏ అమ్మకపు వేదిక ముందుకు వెళ్లినా మొదట అడగాల్సింది కమీషన్ గురించి కాదు. ఈ నంబరుతో సరుకు తీసుకుంటారా, డెలివరీని తెలంగాణకే పరిమితం చేస్తారా అని అడగాలి.

ఇంకో చిక్కు సంఘం లెక్కల్లో ఉంది. సంఘం పేరు మీద అమ్మితే అంగడి అమ్మకం, ఆన్‌లైన్ అమ్మకం రెండూ కలిసి ఒకే పాన్ కిందికి వస్తాయి. 12 కుటుంబాలు ఏడాదికి తలా 2 లక్షల సరుకు ఇస్తే 24 లక్షలు అవుతుంది, 20 లక్షల హద్దు దాటి సడలింపు చేజారుతుంది.

ఇక గంప సంగతి. అరకిలో కూడా తూగని గంపకు 30 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు ఉన్న అట్టపెట్టె కావాలనుకుందాం. చాలా కొరియర్లు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి. లెక్క 3.6 కిలోలు తేలుతుంది. తూకం కంటే ఇదే ఎక్కువ కాబట్టి ఛార్జీ దీని మీదే పడుతుంది, అంటే గంపలోని గాలికి డబ్బు కడుతున్నట్టు. కాబట్టి విడి గంపను పెట్టకండి. ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు సైజులు అల్లి, ఒకే సెట్టుగా పెట్టండి. పెట్టె అదే, పోయేది మూడు గంపలు.

వివరాల్లో ప్రతి గంప కొలతా రాసి, చేతి అల్లిక కనుక ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా ఉండొచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ తేడాకే సరుకు వెనక్కి వస్తుంది. వెదురు పూర్తిగా ఆరకుండా ప్లాస్టిక్ కవరులో చుడితే దారిలోనే బూజు పడుతుంది.

పోర్టల్ తెరవకముందే నిరుటి అంగడి అమ్మకాల చిట్టా తీసి కూడండి. ఏ దారిన వెళ్లాలో ఆ మొత్తమే చెబుతుంది.