దాతలకు మన పిల్లలు రాసిన ఉత్తరాలు

మన కళాశాల నాటిక పోటీల చరిత్ర ఈ వజ్రోత్సవ సంచికలో వేరొక వ్యాసంగా వస్తోంది. బహుమతులు గెలిచిన బృందాలు, న్యాయనిర్ణేతలు, పేరు తెచ్చుకున్న నటులు అందులో ఉంటారు. నేను రాయదలచింది పోటీలు ముగిసి, టెంటు విప్పాక జరిగే పని గురించి. పోటీలకు సాయం చేసినవాళ్లకు విద్యార్థి సంఘం పిల్లలు రాసే కృతజ్ఞతల ఉత్తరాల గురించి. వాటి నకళ్లున్న ఫైళ్లను గ్రంథాలయంలో చాలాకాలం నేనే చూసుకున్నాను గనక ఆ సంగతి చెప్పే చనువు నాకుంది.

స్థానం నరసింహారావు గారు రామవిలాస సభ వేదికపై స్త్రీ పాత్రలు ధరించిన ఊరు మన తెనాలి. ఇక్కడ నాటకానికి సాయం చేయమని అడిగితే మొహం తిప్పుకునేవాళ్లు తక్కువ. అయితే ఆ సాయం అందరూ డబ్బుగా ఇవ్వరు. రైస్ మిల్లు యజమాని పొరుగూరి బృందాల భోజనాలకు బియ్యం పంపుతారు. ప్రెస్సు వాళ్లు కరపత్రాలకు కాగితం ఖర్చు మాత్రమే తీసుకుంటారు. బట్టల కొట్టువాళ్లు తెరకు గుడ్డ ఇస్తారు. మేకప్ వేసే పెద్దాయన జింకు పొడి, స్పిరిట్ గమ్, గడ్డాలకు క్రేపు వెంట్రుకలు తన పెట్టెలోంచే తీసి వాడతారు. ఇంతమందికీ ఒకే మాటతో కృతజ్ఞత చెప్పడం కుదరదు. పాత ఫైళ్లు తిరగేస్తే అది బాగా తెలిసొస్తుంది.

మొదటి రోజుల ఉత్తరాలన్నీ చేతిరాతవే. సంఘంలో దస్తూరీ బాగున్న విద్యార్థికి ఆ పని అప్పగించేవారు. ఒక్కో ఉత్తరం ఒక్కో తీరుగా ఉంటుంది. తర్వాత ఆఫీసులోకి సైక్లోస్టైల్ యంత్రం వచ్చింది. స్టెన్సిల్ ఒకసారి కోసి, పేరుకు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో కలంతో పేరు నింపి పంపడం మొదలైంది. సమయం కలిసొచ్చింది. ఉత్తరం మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. కొడుకు జ్ఞాపకార్థం ఉత్తమ నటుడి బహుమతి ఏర్పాటు చేసిన ఒక పెద్దాయనకు కూడా ఆ స్టెన్సిల్ ఉత్తరమే వెళ్లింది. అందులో కొడుకు పేరు లేదు. ‘మీ వ్యాపారం దినదినాభివృద్ధి చెందాలి, వచ్చే ఏడు కూడా మీ సహకారం ఆశిస్తున్నాం’ అని ఉంది. ఆయన దుకాణం ఎప్పుడో మూసేశారు. ఉత్తరాన్ని ఏమీ అనకుండా తిప్పి పంపారు. అది ఇప్పటికీ ఫైలులో ఉంది.

ఆ తర్వాతి సంఘం పిల్లలు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. సాయం అడగడానికి ఎవరు వెళ్లారో వాళ్లే ఉత్తరం రాయాలి, వాళ్లే వెళ్లి చేతికివ్వాలి. పోటీలు ముగిసిన వారంలోపల ఇవ్వాలి. ఇంటిపేరు, పొడి అక్షరాలు ఇద్దరు సరిచూడాలి, ఎందుకంటే తప్పు పడితే చదివేవారి కన్ను ముందు అక్కడే ఆగుతుంది. ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో ఆ పేరు మొదటి వాక్యంలోనే రావాలి. ఉత్తరంలో మొత్తం ఎంతో వేయకూడదు, అది రసీదులో ఉంటుంది. అన్నిటికన్నా గట్టిగా పాటించినది చివరిది: ఆ ఉత్తరంలో మళ్లీ ఏదీ అడగకూడదు. వచ్చే ఏటి మాట వచ్చే ఏడు వెళ్లి అడగాలి. కృతజ్ఞత చెప్పిన నోటితోనే చెయ్యి చాస్తే, చదివినవారికి చాచిన చెయ్యే గుర్తుంటుంది.

ఆ పద్ధతిలో రాసినవాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మైక్ సెట్ యజమానికి రాసినది. ఆయన పేరు తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

‘గౌరవనీయులైన బాబాయి గారికి, నాటిక పోటీల సంఘం విద్యార్థుల నమస్కారాలు.

మీరు మూడు రాత్రులూ ఆంప్లిఫయర్ దగ్గరే కూర్చున్నారు. అక్కడినుంచి మీకు వేదిక సగమే కనపడేది. మీకు కనపడని సగం గురించి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మునుపు మాకు రెండు స్టాండు మైకులే ఉండేవి. నటులు వాటి ముందుకొచ్చి నిలబడి మాట్లాడేవారు. మొహం పక్కకు తిప్పితే మాట పోయేది. మీరు పైనుంచి మూడు మైకులు వేలాడదీశాక మంచం మీద పడుకున్న పాత్ర కూడా పడుకునే మాట్లాడగలిగింది. వేదిక అంచున పెట్టిన మైకుల కింద మీరు స్పాంజి ముక్కలు వేయించారు. దానివల్ల అడుగుల చప్పుడు వినపడలేదు. రెండో రాత్రి నాటికలో తల్లి చివరి మాట గొణిగినట్టు చెప్పింది. మీరు ఆ ఒక్క మాటకు శబ్దం పెంచి, కూత రాకముందే తగ్గించారు. వెనక వరుసలో కూర్చున్న మా అటెండరు గారు ఆ మాట విన్నానని మర్నాడు మాతో చెప్పారు. నటికి కూడా ఆ సంగతి చెప్పాం.

మీ అద్దె ఎంతని అడిగితే కుర్రాళ్ల కూలీ ఇస్తే చాలన్నారు. కూలీ లెక్క, మొత్తం పోటీల జమాఖర్చు ఈ ఉత్తరంతో జతచేశాం. మీరు వేదికను చూస్తున్నప్పుడు తీసిన ఫోటో కూడా పెట్టాం. మీకు మా అందరి కృతజ్ఞతలు.’

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. ‘మహాదాత’, ‘విశాల హృదయం’ లాంటి మాటలు లేవు. ఆయన చేసిన పనివల్ల ఏం జరిగిందో, ఆయన కూర్చున్నచోటునుంచి చూడలేనిది ఏమిటో మాత్రమే ఉంది. సాయం చేసినవారికి తెలియాలనిపించేది అదే. మిల్లు యజమానికి రాసేటప్పుడు ఆ బియ్యంతో ఏ ఊరి బృందం ఏ పూట తిన్నదో రాస్తారు. తెర గుడ్డ ఇచ్చినవారికి, అది పోటీల తర్వాత ఎక్కడ భద్రంగా ఉందో, ఎందుకు వాడుతున్నారో రాస్తారు. ఆ సంగతులు చెప్పాలంటే పోటీలు జరుగుతున్నప్పుడే ఎవరో ఒకరు నోటుబుక్కులో రాసుకోవాలి. ముగిశాక గుర్తు తెచ్చుకుందామంటే అందరికీ ఒకే ఉత్తరం తయారవుతుంది.

ఈమధ్య కంపెనీలు కూడా ముందుకొస్తున్నాయి. వాళ్లు బ్యానరు ఎంత పెద్దది, స్టాలు ఎక్కడ అని అడుగుతారు. అందులో తప్పేమీ లేదు, అది ప్రకటన వ్యవహారం. దాన్ని బిల్లుతో, జీఎస్టీతో, ఒప్పందంతో నడపాలి. దానం సంగతి వేరు. దాత పేరును కృతజ్ఞతగా రాసి, వారి వ్యాపారానికి ప్రచారం చేయకపోతే ధర్మసంస్థలకు వచ్చిన ఆ విరాళంపై జీఎస్టీ పడదని 2019 అక్టోబరులో కేంద్రం ఒక సర్క్యులర్‌లో వివరించింది. తండ్రి జ్ఞాపకార్థం ఇచ్చారని గది తలుపుమీద రాయించడం అందులో చూపిన ఉదాహరణే. కాబట్టి ఎవరిది దానమో, ఎవరిది ప్రకటనో డబ్బు తీసుకున్నరోజే తేల్చుకుని రెండు పుస్తకాల్లో రాయమని మన కోశాధికారి పిల్లలకు చెబుతుంటారు. ఆదాయపు పన్ను మినహాయింపు కోరేవారు 2000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది చెల్లదని కూడా ముందే చెప్పాలి. ఇవన్నీ రసీదు వెంట వెళ్లే కాగితంలో ఉంటాయి. ఉత్తరంలోకి రావు.

మొన్నటి సంఘం గోల్డ్, సిల్వర్ అని వర్గాలు పెడదామని ప్రతిపాదించింది. పిల్లలే చర్చించుకుని మానుకున్నారు. వంటవాళ్లతో పాటు తెల్లవారుజామున కూరలు తరిగిన హాస్టలు అమ్మలను ఏ వర్గంలో వేస్తారని ఒక అమ్మాయి అడిగింది. దానికి జవాబు దొరకలేదు. వాళ్లందరికీ పేరుపేరునా విడివిడిగా ఉత్తరాలు వెళ్లాయి. చదవడం రాని ఇద్దరికి ఆ అమ్మాయే వంటగదిలో కూర్చుని చదివి వినిపించింది.

ఈ సంచిక చివర ఇచ్చిన దాతల జాబితాను అందుకే అక్షరక్రమంలో, మొత్తాలు వేయకుండా అచ్చువేస్తున్నాం. జమాఖర్చు చూడాలనుకునేవారికి ఆ పుస్తకం గ్రంథాలయంలో అందుబాటులో ఉంటుంది. ఉత్తరాల ఫైళ్లు దాని పక్కనే ఉన్నాయి. కొత్త సంఘం వాళ్లు మొదటి ఉత్తరం రాసేముందు వాటిని ఒకసారి తిరగేయాలని నా కోరిక. ముఖ్యంగా ఆ పెద్దాయన తిప్పి పంపిన ఉత్తరాన్ని చూడాలి.