పసిపిల్లల ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్

దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను షార్ట్ అనే పరిశోధకుడి బృందం నమోదు చేసింది. కాబట్టి ఇక్కడ పేస్ట్ ఎంచుకునే ముందు బిడ్డ తాగే నీటిని పరీక్ష చేయించాలి.

మన దేశంలో టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. ఆ అంకె ట్యూబు మీద ఉండాలి. 1000 పీపీఎం అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము. మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపు గింజంత, సుమారు 0.1 గ్రాము చాలు. రోజుకు రెండుసార్లు తోమి, పేస్ట్ అంతా మింగేసినా లోపలికి పోయేది 0.2 మిల్లీగ్రాములే. బ్రష్ నిండా గ్రాము చొప్పున పెడితే అది 2 మిల్లీగ్రాములవుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీరు లీటరు తాగినా అంతే చేరుతుంది. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

రోజూ ఇలా ఎక్కువైతే చిగురు లోపల తయారవుతున్న శాశ్వత దంతాల ఎనామిల్ దెబ్బతింటుంది. తెల్లని చారలు ఆరేడేళ్లకు, ఆ పళ్లు మొలిచాకే కనబడతాయి.

ఆర్‌ఓ నీరు, ఫ్లోరైడ్ తక్కువున్న కాలువ నీరు తాగే బిడ్డకు 1000 పీపీఎం పేస్టే పుచ్చు నుంచి బాగా కాపాడుతుంది. బోరు నీరు తప్పనిచోట, ఉమ్మడం వచ్చేదాకా తక్కువ ఫ్లోరైడ్ పేస్ట్ వాడాలా అన్నది దంతవైద్యుణ్ణి అడగాలి. "పిల్లల పేస్ట్" అన్న పేరు చూసి కొనకూడదు, పీపీఎం చదవాలి. మిఠాయి రుచి ఉన్నవాటిని పిల్లలు తినేస్తారు. పది కిలోల బిడ్డ 1000 పీపీఎం పేస్ట్ 50 గ్రాములు మింగితే ప్రమాదం. వాంతులు రాకముందే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.