సాధారణం అంటే ఏమిటి?

సాయంత్రం ఆరయింది. హిమాయత్‌నగర్‌లో ఒక రెండో అంతస్తు గది. కింద లిబర్టీ వైపు పోయే బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. మీరు నా పక్కన కూర్చున్నారు. ఎదురుగా గూడ్స్ ఆటో నడిపే కుర్రాడు. అతని చేతిలో నేను రాసిన సమాచార పత్రం ఉంది. కొత్తగా తయారైన బీపీ మాత్ర, పాతదానిలాగే రక్తంలోకి చేరుతోందా అని ఆరోగ్యవంతుల్లో చూసే పరీక్ష అది. పత్రం ఇంకా ముసాయిదానే. నైతిక కమిటీకి పంపేముందు ఎంత అర్థమవుతోందో చూడాలని చదివిస్తున్నాను.

‘తల తిరగడం సాధారణం’ దగ్గర ఆగి, ‘మామూలే అన్నట్టు, పట్టించుకోనక్కర్లేదు’ అన్నాడు.

మీరూ ఉలిక్కిపడ్డారు కదూ! నేను చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా విరుద్ధం. ఆ మాట కొట్టేసి ఇలా రాశాను: ‘వందమందిలో పదిమందికి దాకా తల తిరగొచ్చు. మంచం మీంచి మెల్లగా లేవండి. వెంటనే నర్సుకు చెప్పండి.’

తర్వాత అతని వేలు 150 మిల్లీలీటర్ల మీద ఆగింది. ‘సీసాడు రక్తం తీస్తరా సార్?’ ఒక్కోసారి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచా. విడతకు 15 సార్లు, మొత్తం రెండు విడతలు. అదీ పత్రంలో చేర్చాను.

‘మధ్యల పోతానంటే?’

పోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, అక్కడ మామూలు వైద్యమూ ఆగదు. కానీ మింగిన మాత్ర ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, వెళ్లేముందు బీపీ, రక్తం చూపించుకోమంటారు. అది మీ క్షేమం కోసం. ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం, మీరుగా మానేస్తే పాల్గొన్నంత మేరకు డబ్బు ఇవ్వాలి. వైద్య కారణంతో వాళ్లే ఆపితే పూర్తిగా ఇవ్వాలి.

చివరి పేజీ తిప్పి, ‘మా అన్న సంతకం పెడితే నడుస్తదా?’ అన్నాడు.

నడవదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేశారు. తర్వాత పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో రాసింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. ఆ పత్రాల మీద ఉండాల్సింది తల్లిదండ్రుల సంతకం. మన పరీక్షలో చదవడం రానివారుంటే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట పత్రమంతా చదివి వినిపించాలి. వేలిముద్ర మాత్రం వాళ్లదే.

పత్రం మూసి అడిగాను: ‘రెండో రోజు మానేయాలనిపిస్తే ఏం చేస్తారు?’

‘నర్సమ్మకు చెప్త. బీపీ, రక్తం చూపించుకుంట. ఇంటికి పోత. ఎందుకని అడిగితే చెప్పబుద్ధయితేనే చెప్త.’

ఆ పేరాలో ఇక దిద్దాల్సింది లేదు. మళ్లీ మొదటి పేజీ తీశాం.