బడి భోజనం – పిల్లల ఎత్తు (నెల్లూరు తీరం)

బడిలో పెట్టే అన్నం పిల్లల ఎత్తును పెంచుతుందా అన్న ప్రశ్నకు తెలుగు నేలకు సంబంధించిన కొలతలతో జవాబు దొరుకుతుంది. అది సూటిగా అవును, కాదు అని చెప్పగలిగిన జవాబు కాదు.

నెల్లూరు జిల్లా 1953 వరకు మద్రాసు ఏలుబడిలో ఉండేది. పిట్టి త్యాగరాయ చెట్టి నాయకత్వంలోని మద్రాసు కార్పొరేషన్ 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది. తలకు రోజుకు అణా మించకూడదని షరతు. 1930లలో కూనూరు పోషకాహార ప్రయోగశాలలో అయ్‌క్రాయిడ్ బృందం హాస్టలు పిల్లలకు వెన్న తీసిన పాలపొడి ఇచ్చి కొలిస్తే, ఇవ్వనివారికన్నా బరువూ ఎత్తూ పెరిగాయి. ఆ ప్రయోగశాలే తర్వాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

1995 ఆగస్టు 15న కేంద్ర మధ్యాహ్న భోజన పథకం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు దక్కింది వండిన అన్నం కాదు, నెలకు మూడు కిలోల బియ్యం. ఇంటికి చేరిన బియ్యం ఇంటిల్లిపాది కుండలో కలిసిపోతుంది కాబట్టి, దాని ప్రభావాన్ని ఒక్క పిల్లవాడి ఎత్తులో వెతకడం వృథా. వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. రాష్ట్రంలో 2003 జనవరిలో బళ్లలో పొయ్యి వెలిగింది. ప్రాథమిక తరగతులకు నేటి జాతీయ ప్రమాణం పూటకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు.

కొలతలోని చిక్కు ఏమిటంటే, సర్కారు బడిలో తినేవారు ఎక్కువగా పేదింటి పిల్లలు, బడికి రాకముందే పొట్టిగా ఉన్నవారు. ప్రైవేటు బడి పిల్లల పక్కన నిలబెట్టి చూస్తే భోజనం వల్లే పొట్టివారయ్యారన్నంత వింతగా కనిపిస్తుంది. 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో ఇరవై వేల మంది పిల్లలతో జరిపిన పాల ప్రయోగం ఇక్కడే బోల్తాపడింది. జాలిపడిన ఉపాధ్యాయులు బక్కపిల్లలను పాల జట్టులోకి చేర్చారని గణాంక శాస్త్రవేత్త గాసెట్ మరుసటి ఏడాదే ఎత్తిచూపాడు.

ఆంధ్రలో ఈ చిక్కును విప్పినది అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్‌ల అధ్యయనం. యంగ్ లైవ్స్ సర్వే 2002లో దాదాపు రెండు వేల మంది ఏడాది పిల్లలను కొలిచి, వారికి అయిదేళ్లు వచ్చే వేళకు మళ్లీ కొలిచింది. పిల్లల ఎత్తు నెలనెలా నెమ్మదిగా ఒకే వాలున పెరుగుతుంది. బడిలో చేరే అవకాశం మాత్రం అయిదేళ్ల దగ్గర ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ తేడానే పట్టుకుని పరిశోధకులు భోజనం ప్రభావాన్ని పేదరికం ప్రభావం నుంచి విడదీశారు. కరువు దెబ్బ తిన్న కుటుంబాల పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు, బరువు రెంటిలోనూ పెద్ద మెరుగుదల కనిపించింది. పసితనంలో కరువు వల్ల కోల్పోయినదాన్ని బడి అన్నం పూడ్చిందన్నమాట. 2014లో అచ్చయిన ఈ ఫలితాన్ని అందరు పిల్లలకూ వర్తింపజేయడం మాత్రం తొందరపాటే. పలు దేశాల ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి కాక్రేన్ సమీక్షలో బరువు కొద్దిగా పెరగడం తేలింది గాని, ఎత్తు విషయంలో ఫలితాలు పొంతన లేకుండా వచ్చాయి. ఎదుగుదల కుంటుపడేది ప్రధానంగా మొదటి రెండేళ్లలో. బడి అన్నం అందేది ఆ తర్వాత.

అందుకే 2021లో చక్రవర్తి తదితరులు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ప్రచురించిన అధ్యయనం తినే పిల్లలను వదిలి, ఒకప్పుడు బడిలో తిన్న తల్లుల బిడ్డలను చూసింది. పథకం అందని తల్లుల బిడ్డలకన్నా, చిన్నప్పుడు అది పూర్తిగా అందిన తల్లుల బిడ్డల వయసుకు తగ్గ ఎత్తు జడ్-స్కోరు 0.4 ఎక్కువ. రెండేళ్ల బిడ్డకు అది సుమారు సెంటీమీటరుకు పైన, అయిదేళ్లకు రెండు సెంటీమీటర్లకు దగ్గర. ఆ తల్లులు ఎక్కువ చదివారు, ఆలస్యంగా కన్నారు, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లారు. ఇది సంబంధమే తప్ప కారణానికి రుజువు కాదనే అభ్యంతరం మిగులుతుంది. ఏది ఏమైనా, తిన్న పిల్లకన్నా ఆమె బిడ్డలో లాభం స్పష్టంగా కనబడటం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరం.

యంగ్ లైవ్స్ ఎంచిన ఏడు జిల్లాల్లో నెల్లూరు లేదు. మైపాడు, కృష్ణపట్నం వైపు మత్స్యకారుల, యానాదుల పిల్లల లెక్క చూడాలనుకునేవారికి కొన్ని జాగ్రత్తలు అవసరం. చెప్పులు విప్పించి, ఒకే వేళలో కొలవాలి. పొద్దుటికీ సాయంత్రానికీ మనిషి ఎత్తు దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది, వెతుకుతున్న తేడా అంతా అందులోనే మునిగిపోగలదు. పనుల వెంట వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు పేరు రిజిస్టరులో ఉన్నా పూట దక్కదు కాబట్టి, నమోదు బదులు తిన్న రోజులు లెక్కించాలి. 2003లో ఒకటో తరగతిలో అన్నం తిన్న ఆడపిల్లలు ఇప్పుడు ముప్పైకి దగ్గర పడ్డారు, వారి బిడ్డలు అంగన్‌వాడీల్లో ఉన్నారు. అక్కడి ఎత్తు రిజిస్టరులో తల్లి ఏ బడిలో ఎన్నేళ్లు చదివిందో కూడా రాయిస్తే నెల్లూరు తీరానికి తన సొంత జవాబు దొరుకుతుంది.