గీజర్ వాల్వ్ నుంచి చుక్క చుక్క నీళ్లు కారుతున్నాయా? మూత బిగించేముందు ఒక్కసారి స్విచ్ ఆఫ్ చేసి చూడండి!

చలి మొదలైందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్లంబర్లకు తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. 'గీజర్ కింద నీళ్లు కారుతున్నాయి, గీజర్ పోయినట్టుంది' అని. చాలాసార్లు గీజర్‌కు ఏమీ అయి ఉండదు. నీళ్లు కారేది కింద చల్లనీళ్ల పైపు దగ్గర ఉండే చిన్న ఇత్తడి సేఫ్టీ వాల్వ్ నుంచి. అది కారడం ఒక్కోసారి మామూలే, ఒక్కోసారి వాల్వ్ పాడైందనడానికి గుర్తు. ఆ తేడా పట్టుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు, ఒక ఖాళీ వాటర్ బాటిల్ చాలు.

వాల్వ్ అసలు చేసే పని ఇదీ

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల గీజర్‌లో 25 డిగ్రీల నీళ్లు 65 డిగ్రీలకు చేరేసరికి దాదాపు పావు లీటర్ నీళ్లు ఎక్కువవుతాయి. 25 లీటర్ల గీజర్ అయితే 400 మిల్లీలీటర్లు దాటుతుంది. నల్లాలు కట్టేసి ఉంటే ఆ నీళ్లు ఎటు పోవాలి? సేఫ్టీ వాల్వ్ లోపల నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చిన్న తలుపు ఉంటుంది కాబట్టి పైన ట్యాంకులోకి వెళ్లలేవు. ప్రెజర్ పెరుగుతుంది. వాల్వ్‌కు పెట్టిన హద్దు దాటగానే లోపలి స్ప్రింగ్ కాస్త లేచి, ఎక్కువైన నీళ్లను బయటికి వదులుతుంది. మన స్టోరేజ్ గీజర్లలో ఆ హద్దు సాధారణంగా 8 బార్.

అందుకే గీజర్ ఆన్‌లో ఉండి వేడెక్కుతున్నప్పుడు పడే చుక్కలకు కంగారు పడక్కర్లేదు. 'పక్కింటి గీజర్ కారట్లేదు, మాదే ఎందుకు కారుతోంది' అని అడిగేవాళ్లుంటారు. పక్కింట్లో ఆ వెనక్కి ఆపే తలుపు లేని పాత రకం కనెక్షన్ ఉండొచ్చు, వేడెక్కిన నీళ్లు పైపులోనే వెనక్కి వెళ్తాయి. కొత్త వాల్వ్ వేసిన రోజు నుంచే చుక్కలు మొదలవడానికి కారణం కూడా ఇదే.

కోదాడలో ఒక ఇల్లు అనుకుందాం

గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లు, మేడ మీద ట్యాంకు, కింది బాత్రూంలో 15 లీటర్ల గీజర్, బోరు నీళ్లు. వాల్వ్ నుంచి సెకనుకో చుక్క చొప్పున పగలూ రాత్రీ కారుతోంది. 20 చుక్కలు ఒక మిల్లీలీటర్ అనుకుంటే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. వేడి వల్ల ఎక్కువయ్యే నీళ్లు ఒకసారికి పావు లీటర్ కదా, ఈ లెక్క కుదరదు.

ఇప్పుడు స్విచ్ ఆఫ్ చేసి, వాల్వ్ కింద బాటిల్ పెట్టాలి. వేడెక్కడం ఆగితే చుక్కలు కాసేపట్లోనే ఆగిపోవాలి. ఎందుకంటే నీళ్లు చల్లబడుతున్న కొద్దీ ప్రెజర్ తగ్గుతుందే గానీ పెరగదు. తెల్లారేసరికి బాటిల్ ఖాళీగా ఉంటే వాల్వ్ బాగున్నట్టే. బాటిల్ నిండిందంటే వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు.

పైన ట్యాంకు ప్రెజరేమో అనే సందేహం రావచ్చు. 10 మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక్క బార్ ప్రెజర్ వస్తుంది. ఈ ఇంట్లో ట్యాంకు నీటి మట్టం గీజర్‌కు 6 మీటర్ల పైన ఉందనుకుంటే 0.6 బార్. 8 బార్ దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వ్‌ను అది కదిలించలేదు. ఇంట్లో ప్రెజర్ పంపు పెట్టినా మామూలుగా రెండు, మూడు బార్లే. కాబట్టి మేడ మీద ట్యాంకు ఉన్న ఇంట్లో గీజర్ ఆఫ్ చేసినా చుక్క ఆగట్లేదంటే అనుమానించాల్సింది ముందు వాల్వ్‌నే.

సున్నమే అసలు దొంగ

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు, అది సున్నపురాయి నేల. అలాంటి చోట బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పొర అదే. దాన్ని ఫ్లోరైడ్ అనుకుంటారు చాలామంది, కాదు. ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ వేరే ఉంది, అది కంటికి కనిపించదు. నీళ్లు 60 డిగ్రీలు దాటితే ఈ సున్నం వేగంగా పేరుకుంటుంది. పెచ్చులు ఊడి కింది వాల్వ్‌లోకి దిగుతాయి. స్ప్రింగ్ కింద రబ్బరు కూర్చునే చోట ఒక్క పలుకు ఇరుక్కున్నా వాల్వ్ పూర్తిగా మూసుకోదు.

కొన్ని వాల్వ్‌లకు చిన్న లివర్ ఉంటుంది. కరెంటు ఆపి, నీళ్లు చల్లబడ్డాక దాన్ని నాలుగైదుసార్లు ఎత్తి వదిలితే నీళ్లు జోరుగా వచ్చి పలుకు కొట్టుకుపోవచ్చు. చుక్క ఆగిందా, సరే. ఆగకపోతే మార్చాల్సిందే. లివర్ ఎత్తినా నీళ్లే రాకపోతే అది ఇంకా ప్రమాదం. వాల్వ్ మూసుకునే బిగుసుకుపోయిందని అర్థం, ఆ రోజు నుంచి గీజర్ వాడొద్దు. వాల్వ్ ఒంటి మీద పచ్చటి తుప్పు పట్టినా, చుక్క రంధ్రం నుంచి కాకుండా ఒంటి నుంచే చెమర్చినా మార్చడమే.

మూత పెట్టారో, అంతే సంగతులు

కొందరు ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి లేదా ఎం-సీల్ పెట్టి 'లీక్ బంద్' అనేస్తారు. మామూలు రోజుల్లో కూడా నల్లాలు కట్టేసి నీళ్లు వేడెక్కిన ప్రతిసారీ ట్యాంకు మీద హద్దు దాటిన ఒత్తిడి పడుతుంది. ఏదో ఒకరోజు థర్మోస్టాట్ అతుక్కుపోయి కరెంటు ఆగకపోతే, దాని తర్వాత ఉండే కటౌట్ కూడా పని చేయకపోతే, నీళ్లు 100 డిగ్రీలు దాటుతాయి. ప్రెజర్‌లో ఉన్నంత సేపూ ఆవిరి కాకుండా నీళ్లలాగే ఉంటాయి. ట్యాంకు పగిలిన క్షణంలో ఒక్కసారిగా ఆవిరవుతాయి. గీజర్ పేలడం అంటే ఇదే.

వేడి నీళ్ల నల్లా తిప్పగానే ఆవిరి బుసకొట్టినా, సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలకు బదులు వేడి ధార వచ్చినా ఎంసీబీ ఆపేసి బాత్రూం నుంచి బయటికి వచ్చేయండి. పూర్తిగా చల్లారేదాకా దేన్నీ విప్పొద్దు. అక్కడ మార్చాల్సింది వాల్వ్ ఒక్కటే కాదు, థర్మోస్టాట్ కూడా.

కొత్తది వేసేటప్పుడు

వాల్వ్ ఖరీదు వందల్లోనే ఉంటుంది. షాపులో 'గీజర్ వాల్వ్ ఇవ్వండి' అంటే సరిపోదు. గీజర్ మీది స్టిక్కర్‌లో ప్రెజర్ ఎంత రాసుందో చూసి వెళ్లండి. 0.8 ఎంపీఏ అని ఉంటే 8 బార్ అన్నమాట. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లలో 6.5 బార్‌వి చాలా ఉంటాయి, వాటికి 8 బార్ వాల్వ్ వేస్తే ట్యాంకు తట్టుకునే హద్దు దాటాక గానీ అది తెరుచుకోదు. తక్కువ కారుతుంది కదా అని పెద్ద నంబర్ తీసుకోకూడదు.

ముందు ఎంసీబీ ఆఫ్. తర్వాత చల్లనీళ్ల వాల్వ్ కట్టేసి, వేడి నీళ్ల నల్లా తిప్పి లోపలి ప్రెజర్ వదలాలి. పాతది విప్పుతుంటే ట్యాంకులో నీళ్లు కిందికి వస్తాయి, బకెట్ పెట్టుకోండి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి, వాల్వ్ మీది బాణం గుర్తు గీజర్ వైపు చూసేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే నీళ్లే ఎక్కవు. నీళ్లు వదిలాక వేడి నల్లా నుంచి గాలి పోయి ధార నిండుగా వచ్చేదాకా స్విచ్ వేయకండి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలిపోతుంది. చుక్కలు పడే రంధ్రానికి సన్న పైపు తొడిగి నేల మీది జాలీ దాకా వదిలితే గోడ తడవదు. ఆ పైపు చివర మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

బోరు నీళ్ల ఇళ్లలో థర్మోస్టాట్‌ను 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే సున్నం తక్కువ పడుతుంది, చుక్కలూ తగ్గుతాయి. స్నానానికి ఆ వేడి సరిపోతుంది, ఎలాగూ చన్నీళ్లు కలుపుకునేవే కదా.